పన్నెండేళ్ళు అటకెక్కిన మందు

పెన్సిలిన్ ఎవరు కనిపెట్టారు? స్కూల్లో ఒక మార్కు ప్రశ్న. అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1928 అని రాసేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతాం. 1928లో దొరికిన మందు, చావుబతుకుల్లో ఉన్న ఒక రోగి నరంలోకి ఎక్కడానికి 1941 దాకా ఎందుకు పట్టింది అని మాత్రం ఏ పేపర్లోనూ అడగరు. నేను కెమికల్ బ్రాంచి కాబట్టి నాకు ఆ రెండో ప్రశ్నే ఎక్కువ నచ్చింది. దాని జవాబు డాక్టర్ల దగ్గర కంటే మన సిలబస్‌లోనే ఎక్కువ ఉంది.

ముందు ఫ్లెమింగ్ సంగతి. లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఆయన చీము పుట్టించే స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియాని ప్లేట్లలో పెంచుతుండేవాడు. సెలవులకి వెళ్ళి సెప్టెంబరులో తిరిగొచ్చేసరికి ఒక ప్లేటుకి బూజు పట్టి ఉంది. ఆ బూజు చుట్టూ బాక్టీరియా కరిగిపోయి ఖాళీ వలయం కనిపించింది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. విచిత్రం ఏమిటంటే, బాగా పెరిగిపోయిన బాక్టీరియా ప్లేటు మీద అదే బూజుని మనం పెడితే ఆ వలయం రాదు. పెన్సిలిన్ చేసే పని బాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోకుండా అడ్డుపడటం. పెరుగుతూ, చీలుతూ ఉన్న కణమే గోడ సరిగ్గా కట్టుకోలేక పగిలి చస్తుంది. పెరగడం ఆపేసిన కణానికి కట్టాల్సిన గోడే లేదు, దానికేం కాదు. అంటే ముందు బూజు పెరగాలి, ఆ తర్వాతే బాక్టీరియా పెరగాలి. ఆ ఏడాది లండన్‌లో మొదట కొన్నాళ్ళు చల్లగా ఉండి బూజుకి అనుకూలించింది, తర్వాత ఎండకాసి బాక్టీరియాకి అనుకూలించింది. చాలా ఏళ్ళ తర్వాత రొనాల్డ్ హేర్ అనే శాస్త్రవేత్త పాత వాతావరణ రికార్డులు తిరగేసి ఈ లెక్క తేల్చాడు.

ఫ్లెమింగ్ 1929లో పేపర్ ప్రచురించాడు. బూజు పెరిగిన రసాన్ని వడకట్టి, అందులో ఉన్న పదార్థానికి పెన్సిలిన్ అని పేరు పెట్టాడు. దాన్ని రసం నుంచి వేరు చేయడం మాత్రం ఆయన వల్ల కాలేదు. వేడి చేస్తే పాడవుతుంది, ఆమ్లంలో పాడవుతుంది, క్షారంలో పాడవుతుంది, ఊరికే ఉంచినా బలం తగ్గిపోతుంది. పైగా ఆ రసంలో అది ఉండేది లీటరుకి ఒక మిల్లీగ్రాము, అటూ ఇటూగా. మిగతాదంతా ఉప్పులు, ప్రోటీన్లు, పసుపు రంగు మురికి. అంతే, మందు అటకెక్కింది.

దాన్ని దింపింది ఆక్స్‌ఫర్డ్‌లో ఒక జట్టు. హోవర్డ్ ఫ్లోరీ నాయకుడు, ఎర్నెస్ట్ చెయిన్ బయోకెమిస్టు. వీళ్ళిద్దరికీ ఫ్లెమింగ్‌తో పాటు 1945లో నోబెల్ వచ్చింది. నోబెల్ రాని మూడో మనిషి నార్మన్ హీట్లీ. నా లెక్కలో ఈ కథకి హీరో ఆయనే.

పెన్సిలిన్ ఒక బలహీనమైన ఆమ్లం. రసాన్ని ఆమ్లంగా మారిస్తే పెన్సిలిన్ అణువు మీద ఆవేశం పోతుంది, అప్పుడది నీళ్ళని వదిలి ఈథర్ లాంటి సాల్వెంట్‌లోకి దూకుతుంది. మురికిలో చాలాభాగం నీళ్ళలోనే ఉండిపోతుంది. ఇక్కడిదాకా చెయిన్ బృందానికి తెలుసు. తర్వాత ఈథర్‌లోంచి దాన్ని పాడవకుండా బయటికి తేవడం ఎలా? హీట్లీ చెప్పింది వింటే ఇంతేనా అనిపిస్తుంది: ఆమ్లం చేస్తే ఈథర్‌లోకి వెళ్ళింది కదా, ఆమ్లం తీసేసిన నీళ్ళతో కలిపి ఊపితే మళ్ళీ నీళ్ళలోకి రావాలి కదా! వచ్చింది. ఆ నీళ్ళని గడ్డకట్టించి వాక్యూమ్‌లో ఆరబెడితే గోధుమరంగు పొడి మిగిలింది. అయితే ఆమ్లంలో ఉన్న కొద్ది నిమిషాల్లోనే పెన్సిలిన్ చెడిపోవడం మొదలవుతుంది కాబట్టి, రసాన్ని దాదాపు సున్నా డిగ్రీల దాకా చల్లబరిచి, ఆమ్లం కలిపిన మరుక్షణం సాల్వెంట్‌తో తాకించాలి. అందుకోసం హీట్లీ గాజు గొట్టాలూ సీసాలతో, లైబ్రరీ వాళ్ళు పారేసిన పుస్తకాల అల్మరాని చట్రంగా పెట్టి ఒక యంత్రం కట్టాడు. అందులో రసం ఒకవైపు నుంచి, సాల్వెంట్ ఎదురువైపు నుంచి ప్రవహిస్తాయి. మనం మాస్ ట్రాన్స్‌ఫర్‌లో కౌంటర్ కరెంట్ ఎక్స్‌ట్రాక్షన్ అని బొమ్మ గీసి వదిలేసేది ఇదే.

1940 మే 25న ఎనిమిది ఎలుకలకి ప్రాణాంతకమైన మోతాదులో స్ట్రెప్టోకాకస్ ఎక్కించారు. నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చారు, నాలుగింటికి ఇవ్వలేదు. తెల్లారేసరికి మందు ఇవ్వని నాలుగూ చచ్చిపోయాయి, ఇచ్చిన నాలుగూ బతికున్నాయి.

ఎలుక నుంచి మనిషికి వచ్చేసరికి సమస్య పరిమాణంలో పడింది. మనిషి బరువు ఎలుకకి సుమారు మూడు వేల రెట్లు. ఈ బూజు గాలి తగిలే పైపొరలోనే పెరుగుతుంది, కాబట్టి లోతు గిన్నెలు పనికిరావు, వెడల్పుగా లోతు తక్కువగా ఉండేవి కావాలి. యుద్ధం రోజులు. బిస్కెట్ డబ్బాలూ, పాల క్యాన్లూ, స్నానాల తొట్టీ ప్రయత్నించి, చివరికి అన్నిటికంటే ఆసుపత్రి బెడ్‌పాన్లు బావున్నాయని తేల్చారు. తర్వాత హీట్లీ ఆ ఆకారంలోనే వందలకొద్దీ పింగాణీ పాత్రలు చేయించాడు.

1941 ఫిబ్రవరి 12న ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే 43 ఏళ్ళ పోలీసుకి తొలి ఇంజెక్షన్ ఇచ్చారు. ముఖం మీద చిన్న గాయం చీముపట్టి తలంతా పాకింది, అప్పటికే ఒక కన్ను తీసేశారు. మొదట 200 మిల్లీగ్రాములు, తర్వాత మూడేసి గంటలకి 100 చొప్పున ఎక్కించారు. ఒక్కరోజులో జ్వరం దిగడం మొదలైంది, ఆకలి వేసింది. ఐదు రోజులయ్యాక పెన్సిలిన్ అయిపోయింది. ఒంట్లోకి వెళ్ళిన పెన్సిలిన్‌లో చాలాభాగం కొద్ది గంటల్లో మూత్రంలో బయటికి వచ్చేస్తుంది కాబట్టి, ఆయన మూత్రాన్ని ల్యాబ్‌కి తీసుకెళ్ళి, అందులోంచి మళ్ళీ మందు తీసి ఆయనకే ఎక్కించారు కూడా. అదీ చాల్లేదు. జబ్బు తిరగబెట్టి మార్చి 15న చనిపోయాడు.

ఇక్కడ చిన్న లెక్క. ఆయనకి మొత్తం మీద ఇచ్చింది సుమారు 4.4 గ్రాముల పొడి. వినడానికి బానే ఉంది. కానీ ఆ పొడి ఒక మిల్లీగ్రాములో ఉన్న బలం దాదాపు 50 యూనిట్లు. పూర్తిగా శుద్ధమైన పెన్సిలిన్‌కైతే మిల్లీగ్రాముకి సుమారు 1,670 యూనిట్లు ఉండాలి. అంటే పొడిలో మందు మూడు శాతమే, మిగతా 97 శాతం మలినం. మొత్తం కలిపితే 2 లక్షల 20 వేల యూనిట్లు. ఇవాళ 10 లక్షల యూనిట్ల పెన్సిలిన్ ఇంజెక్షన్ చిన్న సీసాలో వస్తుంది. దేశంలో ఉన్న మందంతా ఊడ్చి ఐదు రోజులు ఆ మనిషికి ఇచ్చింది, ఆ ఒక్క సీసాలో పావు వంతు కూడా లేదన్నమాట. మందు పనిచేయక కాదు ఆయన పోయింది, సరిపడా లేక. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు మోతాదు తక్కువ సరిపోతుందని పిల్లల్ని ఎక్కువగా ఎంచుకున్నారు.

ఆ వేసవిలో ఫ్లోరీ, హీట్లీ అమెరికా వెళ్ళారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో పియోరియా అనే ఊళ్ళో ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనశాల ఉంది. మొక్కజొన్న నుంచి స్టార్చ్ తీశాక మిగిలే చిక్కటి ద్రవాన్ని ఏం చేసుకోవాలో వాళ్ళకి తెలియడం లేదు. దాన్ని బూజుకి మేతగా వేస్తే పెన్సిలిన్ ఎన్నో రెట్లు పెరిగింది. 1943లో అదే ఊరి మార్కెట్లో దొరికిన కుళ్ళిన కర్బూజా మీది బూజు, ఫ్లెమింగ్ బూజు కంటే చాలా ఎక్కువ ఇచ్చింది. పైగా ట్యాంకు లోపల మునిగి కూడా పెరిగింది. ఆ బూజుకి ఎక్స్-రేలు, అతినీలలోహిత కిరణాలు కొట్టి ఇంకా మెరుగైన రకాలు తీశారు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో లీటరుకి పదుల గ్రాములు ఇచ్చే బూజులకి ముత్తవ్వ ఆ కర్బూజాదే.

మునిగి పెరగడం అంటే ఎందుకంత గొప్ప? బెడ్‌పాన్‌లో ఉత్పత్తి పెరగాలంటే బెడ్‌పాన్ల సంఖ్య పెంచాలి. ట్యాంకులో అయితే లోతే మన ఆస్తి. కానీ బూజుకి ఊపిరాడాలి, నీళ్ళలో కరిగే ఆక్సిజన్ లీటరుకి ఎనిమిది మిల్లీగ్రాములే, అది క్షణాల్లో అయిపోతుంది. అందుకని అడుగునుంచి గాలి బుడగలు ఆపకుండా పంపాలి, మరతో చిలకాలి. ఆ గాలిలో పొరపాటున ఒక్క వేరే బాక్టీరియా చొరబడినా, పెన్సిలిన్‌ని విరిచే ఎంజైమ్ వదిలి ట్యాంకు మొత్తం నీళ్ళపాలు చేస్తుంది. చిలికితే నురగ పొంగి ఫిల్టర్లు తడిసిపోతాయి. సిట్రిక్ ఆమ్లం తయారీలో ఈ తలనొప్పులన్నీ పడిన ఫైజర్ కంపెనీ, బ్రూక్లిన్‌లో ఒక ఐస్ ఫ్యాక్టరీ కొని ఒక్కోటి 7,500 గ్యాలన్ల ట్యాంకులు 14 పెట్టింది. 1944 మార్చిలో అది మొదలైంది. తొలి వాణిజ్య ప్లాంటు డిజైన్‌లో ముఖ్యపాత్ర మార్గరెట్ హచిన్సన్ రూసోది. ఎంఐటీలో కెమికల్ ఇంజనీరింగ్ డాక్టరేట్ తీసుకున్న తొలి మహిళ ఆమె. ఆ పేరు మన ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ నాకు కనపడలేదు.

మరి దీనివల్లే మన ఆయుష్షు పెరిగిందా? ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. అమెరికాలో 1900లో పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం 47 ఏళ్ళు. 1940కే, అంటే పెన్సిలిన్ రాకముందే, అది సుమారు 63కి చేరింది. ఆ పదహారేళ్ళూ శుభ్రమైన నీళ్ళవీ, తిండివీ, టీకాలవీ. 2000 నాటికి వచ్చిన 77లో కూడా యాంటీబయాటిక్స్ వాటా కొంతే. సగటులో కాదు, జబ్బుపడిన మనిషి పక్కన నిలబడి చూస్తే అసలు తేడా తెలుస్తుంది. న్యుమోనియా బాక్టీరియా రక్తంలోకి పాకితే మందు లేనప్పుడు నూటికి 80 మందికి పైగా పోయేవాళ్ళు, పెన్సిలిన్ వచ్చాక 20 లోపుకి దిగింది. తుంటి మార్పిడీ, కీమోథెరపీ, అవయవ మార్పిడీ లాంటివి చేయగలుగుతున్నామంటే, చీముపడితే ఆపొచ్చన్న ధైర్యంతోనే.

పెన్సిలిన్ కొన్ని బాక్టీరియాల మీదే పనిచేస్తుంది, క్షయకి పనికిరాదు. క్షయకి 1943లో మట్టి సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ దొరికింది. 1948లో వచ్చిన ఆరియోమైసిన్ అయితే రకరకాల బాక్టీరియాల మీద పనిచేసే టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్, ఆ పరిశోధన విభాగానికి డైరెక్టర్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు బయటికొచ్చిన ఏడాదే ఆగస్టులో ఆయన పోయారు.

ఇంకొక్క తేదీ. బాక్టీరియా పెన్సిలిన్‌ని విరిచే ఎంజైమ్ తయారుచేసుకోగలదని చెయిన్, ఎడ్వర్డ్ అబ్రహాం 1940 డిసెంబరులోనే ప్రచురించారు, ఆ పోలీసుకి తొలి ఇంజెక్షన్ పడకముందే. 1948కల్లా లండన్‌లోని ఒక ఆసుపత్రిలో మేరీ బార్బర్ పరీక్షించిన స్టెఫిలోకాకస్ రకాల్లో సగానికి పైగా పెన్సిలిన్‌కి లొంగలేదు. లొంగుతుందో లేదో ఇప్పటికీ ఫ్లెమింగ్ ప్లేటు పద్ధతిలోనే చూస్తారు: రోగి నుంచి తీసిన బాక్టీరియాని ప్లేటు నిండా పూసి, మందు బిళ్ళలు పెట్టి, రాత్రంతా ఉంచి, ఒక్కో బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం ఎన్ని మిల్లీమీటర్లుందో కొలుస్తారు. కల్చర్ రిపోర్టులో మందు పేరు ఎదురుగా ఆర్ అని ఉంటే, ఆ వలయం ఉండాల్సినంత లేదని, లేదా బాక్టీరియా బిళ్ళ అంచుదాకా పెరిగిందని అర్థం.