‘ఆఫీసుకు రండి’ మెయిల్‌లో ఏం చూడాలి?

నాయుడుపేట నుంచి చెన్నై వంద కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ అంటే రాత్రంతా రైల్లోనే. ఇక్కడ ఇంట్లో కూర్చుని కోడ్ రాసే నాలాంటివాళ్లకి ‘ఇక ఆఫీసుకు రండి’ అనే మెయిల్ వచ్చిందంటే, ఇల్లు మారాల్సిందే. అందుకే అలాంటి మెయిల్స్ ఏ కంపెనీవైనా సరే, నేను రెండుసార్లు చదువుతాను.

అందరూ చర్చించుకున్న మెయిల్ అమెజాన్‌ది. 2024 సెప్టెంబర్ 16న సీఈఓ ఆండీ జాస్సీ ఉద్యోగులకు రాశారు. అప్పటిదాకా వారానికి మూడు రోజులు వస్తే చాలు. 2025 జనవరి 2 నుంచి ఐదు రోజులూ రావాలన్నారు. అంటే మూడున్నర నెలల టైమ్ ఇచ్చారు, అది మంచిదే. పిల్లలకు ఒంట్లో బాగాలేకపోయినా, ఇంట్లో అత్యవసరమైనా ఇంటి నుంచి చేసుకోవచ్చని కూడా రాశారు.

మరి కారణాలో? పక్కపక్కన ఉంటే నేర్చుకోవడం, ఐడియాలు పంచుకోవడం సులువని చెప్పారు. కాదనలేం గానీ, లెక్కలేవీ చూపలేదు. ఇంకో తమాషా ఏంటంటే, ఆ మెయిల్‌లో ఉద్యోగులు రాసి పంపడానికి ఒక మెయిల్‌బాక్స్ ఇచ్చారు. కానీ అది కంపెనీలో అనవసరమైన రూల్స్, అడ్డంకుల గురించి చెప్పడానికి! ఆఫీసు రూల్ మీద సందేహాలకు కాదు.

అడగడానికి చోటు లేకపోతే ప్రశ్నలు ఆగవు కదా. నెల తర్వాత ఏడబ్ల్యూఎస్ సీఈఓ మాట్ గార్మన్, తాను మాట్లాడిన పది మందిలో తొమ్మిది మందికి ఈ మార్పు నచ్చిందన్నారు. నచ్చనివాళ్లకు వేరే కంపెనీలున్నాయన్నారు. దాంతో ఐదొందల మందికి పైగా ఉద్యోగులు సంతకాలు చేసి, దీనికి డేటా ఏదని లెటర్ రాశారు. రూల్ మారలేదు. కాకపోతే, సీట్లు సరిపోక అమెరికాలోని కొన్ని ఆఫీసుల్లో డేట్ వాయిదా పడింది.

2025 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ హెచ్‌ఆర్ హెడ్ ఏమీ కోల్‌మన్ రాసిన మెయిల్ వేరేలా ఉంది. రమ్మన్నది మూడు రోజులే. మొదట సియాటిల్ చుట్టుపక్కల, ఆఫీసుకు 50 మైళ్ల లోపు ఉండేవాళ్లు 2026 ఫిబ్రవరి ఆఖరుకి రావాలి. తర్వాత మిగతా అమెరికా, ఆ తర్వాతే వేరే దేశాలు. మినహాయింపు కావాల్సినవాళ్లు సెప్టెంబర్ 19 లోపు అడగాలి. ఇది ఉద్యోగులను తగ్గించడానికి కాదని కూడా రాశారు. నచ్చినా నచ్చకపోయినా, ఎవరు ఎప్పుడు ఏం చెయ్యాలో తెలిసిపోతుంది.

మీకూ అలాంటి మెయిల్ వస్తే ‘ఎందుకు’ అని వాదించే ముందు, మీ బేస్ లొకేషన్ ఏ ఊరు, సీటు రెడీగా ఉందా, మినహాయింపు ఇచ్చేది మేనేజరా లేక పైవాళ్లా అని అడగండి. ఫోన్లో కాదు, మెయిల్‌లోనే అడగండి. జవాబు కూడా మెయిల్‌లో వచ్చాకే హైదరాబాద్‌లో రూమ్‌కి అడ్వాన్స్ కట్టండి.