రిజిస్టర్‌లో లేని మార్పు

భీమవరం దగ్గర రొయ్యల మేత తయారుచేసే కంపెనీ అది. మూడు వందల మంది పనిచేస్తారు, ఐటీ విభాగంలో మాత్రం ముగ్గురే. వివరాలు కాస్త మార్చి చెబుతున్నాను. నేను వెళ్లేసరికి ఐటీ మేనేజర్ గారు టేబుల్ మీద ఒక లావుపాటి ఫైలు సిద్ధంగా పెట్టారు. "చేంజ్ రిజిస్టర్ అండి. సంవత్సరం మొత్తంలో 22 మార్పులు. ఒక్కొక్కదానికీ రిక్వెస్టు, టెస్టింగ్, అప్రూవల్, అన్నీ ఉన్నాయి. ఏది కావాలంటే అది తీసి చూసుకోండి."

తీసి చూస్తే అన్నీ బాగానే ఉంటాయని నాకు తెలుసు. రిజిస్టర్‌లోకి ఎక్కిన మార్పుకు సంతకం ఉండక ఏం చేస్తుంది? ఎక్కనిదే నాకు కావలసింది. అందుకే ఫైలు పక్కన పెట్టి, సర్వర్ దగ్గరికి వెళ్దామన్నాను.

కంపెనీల చట్టం–2013లోని 143(3)(i) సెక్షన్ ప్రకారం, ఆర్థిక లెక్కలకు కాపలాగా ఉండే అంతర్గత నియంత్రణలు సరిగా పనిచేస్తున్నాయో లేదో ఆడిటర్ తన రిపోర్టులో చెప్పాలి. చిన్న ప్రైవేటు కంపెనీలకు మినహాయింపు ఉంది, వీళ్లకు లేదు. ఇక్కడ బిల్లులు, డీలర్ల బాకీలు, సరుకు నిల్వ అన్నీ ఈఆర్‌పీ సాఫ్ట్‌వేరే లెక్కగడుతుంది. కాబట్టి దాన్ని ఎవరు మారుస్తున్నారు, అందులోకి ఎవరు వెళ్లగలరు, అది కూలిపోతే మళ్లీ నిలబెట్టగలరా అని చూడక తప్పదు.

వీళ్ల ఈఆర్‌పీలో లెక్కలన్నీ డేటాబేస్‌లో దాచిన చిన్న చిన్న ప్రోగ్రాముల్లో ఉంటాయి. వాటిని స్టోర్డ్ ప్రొసీజర్లు అంటారు. ఏది చివరిసారి ఎప్పుడు మారిందో డేటాబేసే గుర్తుపెట్టుకుంటుంది. లిస్టు తీసి ఎక్సెల్‌లో మెయిల్ చేస్తామన్నారు. వద్దని, కుర్రాడి పక్కనే కుర్చీ వేసుకుని ఈ ప్రశ్న టైపు చేయించాను. దారిలో రెండు వరుసలు రాలిపోయిన లిస్టుతో నాకేం పని?

```sql
SELECT name, modify_date
FROM sys.objects
WHERE type = 'P'
  AND modify_date >= '2024-04-01'
ORDER BY modify_date;
```

34 ప్రొసీజర్లు వచ్చాయి. రిజిస్టర్‌లో 22 ఉన్నాయి కదా, 12 దొంగ మార్పులన్నమాట అని లెక్కేయకూడదు. ఒక్క రిక్వెస్టుకే మూడు నాలుగు ప్రొసీజర్లు మారవచ్చు. పైగా ఈ లిస్టు చివరి తేదీనే చెబుతుంది, ఒకే ప్రొసీజరును అయిదుసార్లు మార్చినా ఒక్క వరుసే కనిపిస్తుంది. కాబట్టి ఒక్కోదాన్నీ పట్టుకుని రిజిస్టర్‌లో దాని రిక్వెస్టు ఎక్కడుందో వెతకాలి. మధ్యాహ్నం భోజనాల వేళకు 29 కుదిరాయి. అయిదింటికి కాగితమే లేదు.

నాలుగు రిపోర్టు ఫార్మాట్లు, వాటి గురించి చెప్పుకునేదేమీ లేదు. అయిదోది డీలరుకు ఇచ్చే డిస్కౌంటు లెక్కగట్టే ప్రొసీజరు. మారింది జనవరి 12 రాత్రి 11:40కి, అంటే భోగి ముందు రాత్రి. అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, పండగ స్కీము సిస్టంలో ఎక్కలేదని సేల్స్ మేనేజరు సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్రాడికి ఫోన్ చేశారు. అతను హైదరాబాద్ నుంచి రిమోట్‌లో వచ్చి సరిచేసి వెళ్లాడు. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఏ ఐడితో వచ్చాడని అడిగాను. `sa` తో అన్నారు. డేటాబేస్‌లో సర్వాధికారాలూ ఉన్న ఐడి అది. దాని పాస్‌వర్డు ఐటీ ముగ్గురికీ, సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎంతమందికో తెలియనంత మందికీ తెలుసు. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి కంపెనీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఎడిట్ లాగ్ తప్పనిసరి అయింది. వీళ్లకూ ఉంది. కానీ అది ఈఆర్‌పీ తెర మీద జరిగినవే రాసుకుంటుంది. వీధి గుమ్మం దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, అతను దొడ్డిదారిన వచ్చాడు.

డిస్కౌంటు మాత్రం సరిగానే లెక్కగట్టింది. ఆ రాత్రి తర్వాతి బిల్లుల్లోంచి 25 తీసుకుని, స్కీము సర్క్యులర్ పెట్టుకుని కాలిక్యులేటర్‌తో చూశాను. పైసా తేడా లేదు. "మరింకేమండి!" అన్నారు మేనేజర్ గారు. ఆ 25 బిల్లులు ఆ ఒక్క మార్పు సంగతే చెబుతాయి. ఆ పాస్‌వర్డుతో ఇంకేం జరిగిందో చెప్పే కాగితం వాళ్ల దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. రిపోర్టులో రాయాల్సింది అదే. దొంగతనం జరిగిందని రాయలేను, జరగలేదనీ రాయలేను.

యూజర్ ఐడిల దగ్గరా అదే పద్ధతి, కాకపోతే లిస్టు తెచ్చుకునే చోటు వేరు. మానేసిన వాళ్ల పేర్లు ఐటీని అడిగితే, వాళ్లకు తెలిసినవే ఇస్తారు. తెలియని వాళ్ల ఐడిలే కదా మిగిలిపోయేవి! అందుకని జీతాల విభాగానికి వెళ్లి, ఆ ఏడు ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ తీసుకున్న 41 మంది పేర్లు తెచ్చుకున్నాను. సిస్టంలో చూస్తే మూడు ఐడిలు ఇంకా బతికే ఉన్నాయి. రెండింటిని ఎవరూ ముట్టుకోలేదు. మూడోది రిలీవ్ అయిన 19 రోజులకు లాగిన్ అయింది. వెళ్లిపోయినాయన సీట్లో కూర్చున్న గుమాస్తాకు కొత్త ఐడి రాలేదట, పాతదే వాడుకున్నాడు. ఆ రోజు ఆ ఐడి ఏం చేసిందో ఎడిట్ లాగ్ తీయిస్తే రెండు సరుకు రసీదులు, అంతే. రసీదులు సరైనవే కానీ, ఊళ్లో లేని మనిషి పేరున ఉన్నాయి.

ఇక బ్యాకప్. అకౌంటు పుస్తకాల బ్యాకప్ ఇండియాలోని సర్వర్‌లో రోజూ ఉండాలన్నది 2022 ఆగస్టు నుంచి రూలు. వీళ్లకు రోజూ పొద్దున్నే ఆకుపచ్చ టిక్కుతో మెయిల్ వస్తుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్ కోసం వెతికితే అది ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఫెయిలైందని చెప్పాల్సిన మెయిళ్లు కూడా చేరలేదు. అదృష్టంకొద్దీ ఆరు గంటల ముందు చేత్తో తీసుకున్న కాపీ ఒకటి దొరికింది. అది చదివినప్పటి నుంచి నాకు టిక్కుల మీద గురి పోయింది. ఏదో ఒక తేదీ నేను చెబుతాను, ఆ రోజు బ్యాకప్‌ను మరో కంప్యూటర్‌లో రిస్టోర్ చేసి చూపించమంటాను.

ఫైలు కాపీ అయింది. రిస్టోర్ మొదలుపెట్టగానే తెర మీద ఎర్ర అక్షరాలు: `Cannot find server certificate with thumbprint`. డేటా దొంగల పాలు కాకుండా ఎన్‌క్రిప్ట్ చేశారు, మంచిదే. దాన్ని విప్పే సర్టిఫికెట్ మాత్రం పాత సర్వర్‌లోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. ఇనప్పెట్టె తాళంచెవిని పెట్టెలోనే పెట్టి మూసినట్టు. ఆ సర్వర్ ఏ వరదలోనో మునిగితే ఏడాది బ్యాకప్‌లన్నీ తెరుచుకోని ఫైళ్లే. మేనేజర్ గారు ఆ పొద్దుటి నుంచి మొదటిసారి కుర్చీలో కూలబడ్డారు.

సర్వర్ ఇంకా బతికే ఉంది కనుక సర్టిఫికెట్‌నూ దాని పాస్‌వర్డునూ ఆ సాయంత్రమే బయటికి తీసి, వేర్వేరు చోట్ల భద్రపరిచారు. మర్నాడు మళ్లీ రిస్టోర్ చేశారు. మూడు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. ఆ రోజు చివరి బిల్లు, డీలర్ల బాకీల మొత్తం రెండు చోట్లా సరిపోయాయి. ఆ గంటల లెక్క ఎండీ గారికి చెబితే ఆయన ఆశ్చర్యపోయారు. సిస్టం పోతే అరగంటలో లేపుతామని ఆయనకు ఎవరో ఎప్పుడో చెప్పారట. తెల్లవారుజామున అయిదింటికి గేటు బయట మేత లారీలు బారులు తీరతాయి. సిస్టం లేకుండా చేత్తో బిల్లు రాయడానికి గోడౌన్‌లో పుస్తకం ఏదైనా ఉందా అని ఆయన అప్పుడే ఫోన్ తీసి అడిగారు.