డేటాబేస్ పోయిన మర్నాడు పాస్‌వర్డ్‌ల గతేంటి?

ఇటీవల అబిడ్స్‌లో ఇంజినీరింగ్ విద్యార్థులతో పాస్‌వర్డ్ హ్యాషింగ్ గురించి మాట్లాడాను. గంట ప్రసంగం అయ్యాక అసలు పాఠం ప్రశ్నల్లో మొదలైంది. వెనక బెంచీలోంచి ఓ థర్డ్ ఇయర్ కుర్రాడు లేచాడు. ‘‘సార్, నాంపల్లిలో మా మామయ్యకి తెలిసిన ఫర్నిచర్ షాపుకి నేనే వెబ్‌సైట్ చేసిచ్చా. ఆరొందల మంది కస్టమర్లున్నారు. వాళ్ల పాస్‌వర్డ్‌లు ఎలా టైప్ చేస్తే అలాగే టేబుల్లో ఉన్నాయి. ఏడాదైంది, ఏమీ కాలేదు. నిజంగా మార్చాలా?’’ అని అడిగాడు.

మీ మినీ ప్రాజెక్టులోనూ ఇదే పరిస్థితి ఉండొచ్చు. అందుకే ఆ రోజు వచ్చిన ప్రశ్నల్లో ముఖ్యమైనవి మీ కోసం. సమాధానాలన్నీ ఆ షాపు టేబుల్‌నే ఉదాహరణగా పెట్టుకుని చూద్దాం.

డేటాబేస్‌కే పాస్‌వర్డ్ ఉంది కదా, లోపల మళ్లీ దాచడమెందుకు?

ఆ పాస్‌వర్డ్ కాపలా కాసేది ఒక్క తలుపునే. టేబుల్ మాత్రం చాలా దారుల్లో బయటికి వెళ్తుంది. బ్యాకప్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. టెస్టింగ్ కోసమని ఫ్రెండ్‌కి ఓ కాపీ ఇస్తారు. ల్యాప్‌టాప్ రిపేరుకి వెళ్తుంది. సెర్చ్ బాక్సులో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కి చోటుంటే డేటాబేస్ పాస్‌వర్డ్ తెలియకుండానే టేబుల్ మొత్తం లాగేయొచ్చు.

దొంగే రావాలని కూడా లేదు. 1960ల్లో అమెరికాలోని ఎంఐటీలో సీటీఎస్ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థ ఉండేది. ఇద్దరు ఆపరేటర్లు ఒకేసారి రెండు ఫైళ్లు ఎడిట్ చేస్తుండగా అవి తారుమారయ్యాయి. లాగిన్ అయిన ప్రతివాళ్లకీ ఆ రోజు స్వాగత సందేశానికి బదులు అందరి పాస్‌వర్డ్‌ల జాబితా కనిపించింది.

దొంగ వస్తే ఏమవుతుందో 2009 డిసెంబరులో తెలిసింది. రాక్‌యూ అనే అమెరికన్ కంపెనీ నుంచి సుమారు 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ ద్వారా బయటికొచ్చాయి. అన్నీ ఉన్నవి ఉన్నట్టే. వాటిలో సుమారు 2.9 లక్షల మందిది ఒకటే పాస్‌వర్డ్: `123456`. మనదాకా రాదులే అనుకోవద్దు. 2024లో తెలంగాణ పోలీసుల ‘హాక్ ఐ’ యాప్ డేటానే బయటికి పోయింది. ఆ కేసులో అరెస్టయిన కుర్రాడి వయసు 20 ఏళ్లు.

ఇప్పుడు షాపు సంగతికొద్దాం. టేబుల్ పోతే షాపుకి పోయేది ఆర్డర్ల వివరాలే. కానీ పాస్‌వర్డ్ పక్క కాలమ్‌లో కస్టమర్ మెయిల్ ఐడీ ఉంది. చాలామంది అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ వాడతారు. దొంగ మొదట దాన్ని మెయిల్‌లోనే కొట్టి చూస్తాడు. మెయిల్ తెరుచుకుంటే మిగతా సైట్ల రీసెట్ లింకులన్నీ అక్కడికే వస్తాయి. మీరు రాసిన నాలుగు లైన్ల కోడ్ వల్ల సోఫా కొన్న మనిషి మెయిల్ పోతుందన్నమాట.

ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టి, లాగిన్ అప్పుడు విప్పితే చాలదా?

విప్పాలంటే తాళంచెవి కావాలి. అది సాధారణంగా అదే సర్వర్‌లో, కాన్ఫిగ్ ఫైల్లో ఉంటుంది. టేబుల్ ఎత్తుకెళ్లినవాడు దాన్ని వదిలేస్తాడా? అడోబీ కంపెనీ నుంచి 2013లో కోట్లాది ఖాతాల వివరాలు పోయినప్పుడు తాళంచెవి బయటపడకుండానే నష్టం జరిగింది. ఎన్‌క్రిప్ట్ చేసిన పద్ధతిలో ఒకే పాస్‌వర్డ్ ఉన్నవాళ్లందరికీ ఒకే ఫలితం వచ్చింది. పక్కనే యూజర్లు రాసుకున్న ‘హింట్’లు మామూలు అక్షరాల్లో ఉన్నాయి. వంద మంది హింట్లు కలిపి చదివితే పాస్‌వర్డ్ ఊహించడం ఎంతసేపు?

అసలు మీకు పాస్‌వర్డ్ తిరిగి చదవాల్సిన అవసరమే లేదు. టైప్ చేసింది సరైనదా కాదా అన్నది తెలిస్తే చాలు. హ్యాష్ చేసే పని అదే. మిరపకాయలు కారం పట్టించాక మళ్లీ కాయలు చేయలేం కదా, ఇదీ అంతే. ఒకే పాస్‌వర్డ్‌కి ఎప్పుడూ ఒకే ఫలితం వస్తుంది, ఆ ఫలితం నుంచి వెనక్కి వెళ్లే దారి ఉండదు. లాగిన్ అప్పుడు టైప్ చేసినదాన్ని మళ్లీ హ్యాష్ చేసి, దాచిన హ్యాష్‌తో పోల్చి చూస్తారు.

అలాగైతే షా-256 వాడితే సరిపోతుందిగా?

ఆ రోజు ఎక్కువమంది అడిగింది ఇదే. ఇంటర్వ్యూల్లోనూ అభ్యర్థులు తడబడేది ఇక్కడే. వెనక్కి వెళ్లలేం, నిజమే. కానీ ముందుకు ఎన్నిసార్లైనా వెళ్లొచ్చు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ పాత డిక్షనరీ కొన్నారనుకోండి. అందులో ఒక్కో మాటా తీసుకుని హ్యాష్ చేసి, దొంగిలించిన జాబితాతో పోల్చుకుంటూ పోతే కొన్ని కలుస్తాయి. దొంగలు చేసేది ఇదే. వాళ్ల డిక్షనరీలో రాక్‌యూ లాంటి చోట్ల పోయిన అసలు పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయి.

షా-256ని తయారు చేసింది పాస్‌వర్డ్‌ల కోసం కాదు. పెద్ద ఫైళ్లను త్వరగా సరిచూడటానికి అది వేగంగా నడవాలి. ఆ వేగమే ఇక్కడ శత్రువు. ఒక లెక్క వేద్దాం. షాపు కస్టమర్ ఒకాయన తన కొడుకు ఫోన్ నంబర్‌ని పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నాడు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి, మొత్తం పది అంకెలు. అంటే గరిష్ఠంగా 400 కోట్ల నంబర్లు. గేమింగ్‌కి వాడే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకి 2,000 కోట్ల షా-256 హ్యాష్‌లు చేయగలదు. కాబట్టి అన్ని నంబర్లూ ప్రయత్నించడానికి పట్టేది సెకనులో ఐదో వంతు.

2012లో లింక్డిన్‌లో జరిగింది ఇలాంటిదే. అక్కడ వాడింది ఇంకా పాతదైన షా-1. సాల్ట్ కూడా కలపలేదు. మొదట 65 లక్షల హ్యాష్‌లు బయటపడ్డాయి, చాలావాటిని కొద్ది రోజుల్లోనే విప్పేశారు. పోయినవి 11 కోట్లకు పైనేనని 2016లో తేలింది.

సాల్ట్ అంటే ఏంటి? దాన్ని అదే టేబుల్లో పెడితే దొంగకి దొరకదా?

ప్రతి యూజర్‌కీ వేరుగా పుట్టించే యాదృచ్ఛిక అక్షరాలే సాల్ట్. దాన్ని పాస్‌వర్డ్‌తో కలిపి హ్యాష్ చేస్తాం. ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా హ్యాష్‌లు వేరుగా వస్తాయి. యునిక్స్‌లో ఇలా ఎందుకు చేశారో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లోనే వివరించారు.

సాల్ట్ దొంగకి దొరుకుతుంది, దొరికినా ఫర్వాలేదు. దాని పని రహస్యంగా ఉండటం కాదు, దొంగని ఒక్కొక్కరి మీద విడిగా పనిచేయించడం. సాల్ట్ లేకపోతే ఒక్కసారి 400 కోట్ల నంబర్లు హ్యాష్ చేసుకుని ఆరొందల మందినీ ఒకేసారి పోల్చుకోవచ్చు. సాల్ట్ ఉంటే ఆ పని ఆరొందల సార్లు చేయాలి. అయితే షా-256తో అది కూడా రెండు నిమిషాలే. అందుకే సాల్ట్ ఒక్కటే చాలదు, హ్యాష్ నెమ్మదిగా కూడా ఉండాలి.

బీక్రిప్ట్, ఆర్గాన్2ఐడీ లాంటివి కావాలనే నెమ్మదిగా నడుస్తాయి. బీక్రిప్ట్ కాస్ట్ 12 పెడితే మామూలు ల్యాప్‌టాప్‌లో ఒక్కో లాగిన్‌కి సుమారు పావు సెకను పడుతుంది. కస్టమర్‌కి తేడానే తెలియదు. అదే గ్రాఫిక్స్ కార్డు మాత్రం సెకనుకి 2,000 కోట్ల నుంచి సుమారు 1,400కి పడిపోతుంది. ఇప్పుడు 400 కోట్ల నంబర్లు ప్రయత్నించడానికి ఒక్క కస్టమర్‌కే దాదాపు 33 రోజులు. ఆరొందల మందికీ అయితే 54 ఏళ్లు.

కోడ్‌లో ఎంత మార్చాలి?

పైథాన్‌లో అయితే ఇంతే:

```python
import bcrypt
h = bcrypt.hashpw(pw.encode(), bcrypt.gensalt(rounds=12))
ok = bcrypt.checkpw(pw.encode(), h)
```

మొదటి పని రిజిస్ట్రేషన్ అప్పుడు, రెండోది లాగిన్ అప్పుడు. సాల్ట్‌కి వేరే కాలమ్ అక్కర్లేదు. `$2b$12$` అని మొదలయ్యే ఆ ఒక్క ఫలితంలోనే కాస్ట్, సాల్ట్, హ్యాష్ మూడూ ఉంటాయి.

ఒక్క మెలిక ఉంది. బీక్రిప్ట్ 72 బైట్ల వరకే చూస్తుంది. తెలుగు లిపిలో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకీ 3 బైట్లు చొప్పున పడతాయి. అంటే తెలుగులో పొడవాటి వాక్యం పాస్‌వర్డ్‌గా పెడితే 24 గుర్తులకే హద్దు వచ్చేస్తుంది. ఆ తర్వాత ఏం టైప్ చేసినా కొన్ని లైబ్రరీలు పట్టించుకోవు, కొన్ని ఎర్రర్ ఇస్తాయి. ఆర్గాన్2ఐడీకి ఈ ఇబ్బంది లేదు.

ఇప్పటికే ఉన్న ఆరొందల పాస్‌వర్డ్‌ల మాటేంటి?

కస్టమర్లు మళ్లీ లాగిన్ అయ్యేదాకా ఆగక్కర్లేదు. పాస్‌వర్డ్‌లు మీ ముందే ఉన్నాయి కాబట్టి కొత్త కాలమ్ పెట్టి, చిన్న స్క్రిప్టుతో అన్నింటినీ ఒకేసారి హ్యాష్ చేయొచ్చు. పావు సెకను చొప్పున ఆరొందలకి రెండున్నర నిమిషాలు. లాగిన్ కోడ్ కొత్త కాలమ్‌ని చూసేలా మార్చి, టెస్ట్ చేసి, ఆ తర్వాత పాత కాలమ్ తీసేయండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ పాత బ్యాకప్‌ల్లో ఆ పాస్‌వర్డ్‌లు ఇంకా అలాగే ఉన్నాయి. వాటినీ తుడిచేయాలి. లాగ్ ఫైళ్లలో వెతకండి. డీబగ్గింగ్ కోసం లాగిన్ రిక్వెస్ట్ మొత్తం ప్రింట్ చేసి ఉంటే పాస్‌వర్డ్ అక్కడా పడి ఉంటుంది. కోట్ల మంది పాస్‌వర్డ్‌లు తమ అంతర్గత వ్యవస్థల్లో చదవగలిగే రూపంలో ఉండిపోయాయని 2019లో ఫేస్‌బుక్కే ఒప్పుకోవాల్సొచ్చింది. ఏడాదిగా ఎన్ని కాపీలు ఎవరి చేతికి వెళ్లాయో తెలియదు కాబట్టి కస్టమర్లకి విషయం చెప్పి, పాస్‌వర్డ్ మార్చుకోమనాలి.

హ్యాషింగ్ చేయలేనిది కూడా తెలుసుకోండి. పైన చెప్పిన కస్టమర్ కొడుకు నంబర్‌కి బదులు సొంత నంబర్ పెట్టుకుంటే 33 రోజులు అక్కర్లేదు. ఆ నంబర్ పక్క కాలమ్‌లోనే ఉంది, మొదటి ప్రయత్నంలోనే దొరికిపోతుంది. అందుకే రిజిస్ట్రేషన్‌లోనే ఫోన్ నంబర్, మెయిల్ ఐడీ, `123456` లాంటివాటిని ఒప్పుకోకూడదు.

వేరేవాళ్ల సైట్ ఎలా దాస్తోందో బయటి నుంచి తెలుస్తుందా?

‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ నొక్కి చూడండి. కొత్తది పెట్టుకోమని లింకు వస్తే సరే. మీ పాత పాస్‌వర్డే మెయిల్‌లోనో ఎస్సెమ్మెస్‌లోనో వస్తే, దాన్ని వాళ్లు చదవగలుగుతున్నారన్నట్టే. అక్కడి పాస్‌వర్డ్ మరెక్కడా వాడకండి.

ఆ కుర్రాడు చివర్లో వచ్చి ఇంకో మాట అడిగాడు: ‘‘షాపాయనకి ఏమని చెప్పను సార్? తప్పు నాదేగా.’’ జరిగింది జరిగినట్టు చెప్పమన్నాను. టేబుల్ ఇంకా షాపులోనే ఉందనుకుంటే, సరిదిద్దడానికి రెండున్నర నిమిషాల స్క్రిప్టు, ఆరొందల మెసేజ్‌లు చాలు. బయటికి పోయాక అయితే, ఏ కస్టమర్ మెయిల్ ఎప్పుడు తెరుచుకుంటుందో ఇద్దరికీ తెలియదు.