గర్భిణికి రాత్రిపూట చేతుల తిమ్మిర్లు

ఆరేడు నెలలు నిండాక కొందరు గర్భిణులకు అర్ధరాత్రి చేతుల్లో తిమ్మిరితో మెలకువ వస్తుంది. వేళ్లు మొద్దుబారి, సూదులు గుచ్చినట్టు చురచురలాడుతుంటాయి. ఒక్కోసారి నొప్పి మోచేతి దాకా పాకుతుంది. లేచి కూర్చుని చేయి గట్టిగా విదిలిస్తే కాసేపటికి సర్దుకుంటుంది. మళ్లీ కన్నంటుకున్న గంటకో రెండు గంటలకో మళ్లీ అదే బాధ. పొద్దున లేచాక పిడికిలి బిగియదు, జడ వేసుకుందామంటే వేళ్లు మాట వినవు. ఇంట్లో వాళ్లు రక్తం తక్కువై ఉంటుందంటారు, చేయి కింద పడి నలిగిందంటారు. చాలామందిలో అసలు చిక్కు మణికట్టు దగ్గర ఉంటుంది. వైద్యులు దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు.

మణికట్టు లోపల అరచేతి వైపున ఒక ఇరుకైన దారి ఉంది. దానికి అడుగున, పక్కల ఎముకలు, పైన అడ్డంగా గట్టి పట్టీలాంటి కణజాలం. ఎటు నుంచీ సాగే వీలు లేదు. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులూ, వాటితో పాటు మీడియన్ నరమూ ఈ దారిలోంచే అరచేతిలోకి వెళ్లాలి. పండగ ముందు రోజు ఆర్టీసీ బస్సులా అది ఎప్పుడూ కిక్కిరిసే ఉంటుంది. గర్భంతో ఒంట్లో నీరు పెరుగుతుంది, హార్మోన్ల ప్రభావంతో కణజాలాలు ఆ నీటిని పట్టి ఉంచుతాయి. పాదాలు ఉబ్బితే కంటికి కనిపిస్తుంది, చెప్పులు బిగుతవుతాయి. మణికట్టు లోపలి వాపు మాత్రం బయటికి తెలియదు. స్నాయువుల చుట్టూ ఉన్న పొర కొద్దిగా ఉబ్బినా చాలు, ఆ దారిలో అన్నిటికన్నా మెత్తనిదైన నరం మీద ఒత్తిడి పడుతుంది. నరానికి అందే రక్తం తగ్గి తిమ్మిరి మొదలవుతుంది. గర్భంతో వచ్చే మధుమేహం, థైరాయిడ్ లోపం, అధిక బరువు ఉన్నవాళ్లకు ఇది వచ్చే అవకాశం ఇంకాస్త ఎక్కువ.

రాత్రే ఎందుకు ఎక్కువవుతుందంటే, పగలంతా కాళ్లలోకి దిగిన నీరు పడుకోగానే ఒళ్లంతా సర్దుకుంటుంది. చేతులకూ చేరుతుంది. దానికి తోడు నిద్రలో మణికట్టు మనకు తెలియకుండానే వంగిపోతుంది. పొట్ట పెరిగాక పక్కకు తిరిగి పడుకోమని డాక్టర్లు చెబుతారు. అలా పడుకున్నప్పుడు చాలామంది చేతిని మడిచి చెంప కిందో దిండు కిందో పెట్టుకుంటారు. మణికట్టు ముందుకు వంగినా వెనక్కి వంగినా ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది. తిన్నగా ఉన్నప్పుడే నరానికి కాస్త ఊపిరాడుతుంది. వైద్యమంతా ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది.

మా చిన్నాన్న కూతురు మగ్గం వర్క్ చేస్తుంది. పెళ్లి బ్లౌజుల సీజన్‌లో గంటల తరబడి ఫ్రేము ముందు కూర్చుని, మణికట్టు వంచి సన్న సూదితో పూసలు ఎక్కించే పని. ఎనిమిదో నెలలో కాన్పుకు పుట్టింటికి వచ్చాక ఒకరోజు, "అక్కా, చేతులు నావి కావేమో అనిపిస్తోంది. సూది పడిపోయినా తెలియట్లేదు" అంది. ఏ వేలు అని అడిగితే మొత్తం చెయ్యే అంది. అందరూ మొదట అదే అంటారు. ఈసారి తిమ్మిరి పట్టినప్పుడు ఒక్కో వేలూ విడిగా గమనించమన్నాను. మర్నాడు చెప్పింది, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు బాగా మొద్దుబారాయట, చిటికెనవేలు మాత్రం బాగానే ఉందట.

ఆ చిటికెనవేలే గట్టి ఆనవాలు. మీడియన్ నరం బొటనవేలి నుంచి ఉంగరపువేలి సగం దాకా స్పర్శనిస్తుంది. చిటికెనవేలిది వేరే నరం, అది ఈ ఇరుకు దారిలోంచి రాదు. ఉంగరపువేలిని రెండు పక్కలా దూదితో మెల్లగా తాకి చూస్తే కొందరిలో ఆశ్చర్యంగా ఉంటుంది. మధ్యవేలి వైపు మొద్దుగా, చిటికెనవేలి వైపు మామూలుగా అనిపిస్తుంది. ఇంకో చిన్న పరీక్ష ఉంది. రెండు అరచేతుల వెనక భాగాలను ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి ఉండేలా మణికట్లు వంచి ఒక్క నిమిషం ఉంచాలి. ఆ వేళ్లలోనే తిమ్మిరి మొదలైతే అనుమానం బలపడుతుంది. అలాకాక చిటికెనవేలే ఎక్కువ తిమ్మిరెక్కుతుంటే మోచేతి దగ్గరి నరాన్ని చూడాలి, మెడ నుంచి చేతిలోకి లాగుతుంటే మెడను చూడాలి. చేతులతో పాటు పాదాలు కూడా మొద్దుబారుతుంటే బీ12 లోపం, షుగర్ ఉన్నాయేమో పరీక్షించాలి. శాకాహారుల్లో బీ12 లోపం అరుదేమీ కాదు.

మా చెల్లెలికి డాక్టరు రాత్రిపూట స్ప్లింట్ కట్టుకోమన్నారు. అది మోచేతి కిందుగా మొదలై అరచేతి మధ్య దాకా వచ్చే పట్టీ, లోపల ఒక రేకు ఉంటుంది, వెల్క్రోతో బిగించుకోవాలి. మెడికల్ షాపులో అడిగితే ఎక్కువగా కాక్-అప్ స్ప్లింట్ ఇస్తారు. ఇక్కడే చాలామందికి లాభం అందకుండా పోతుంది. ఆ రకం లోపలి రేకు మణికట్టును వెనక్కి ఎత్తి పట్టేలా వంచి ఉంటుంది. మణికట్టు విరిగినవాళ్లకు అది సరిపోవచ్చు కానీ ఈ సమస్యకు మణికట్టు తిన్నగా ఉండాలి. చాలావాటిలో ఆ రేకును జేబులాంటి అరలోంచి బయటికి లాగి తిన్నగా వంచుకోవచ్చు. ఫిజియోథెరపిస్టు చేత చేయించుకుంటే ఇంకా మంచిది. ఇక బొటనవేలికి తగిలించుకునే సాగే గుడ్డ పట్టీలు కూడా మణికట్టు పట్టీ పేరుతోనే అమ్ముతుంటారు. రేకు లేని పట్టీ నిద్రలో మణికట్టును వంగకుండా ఆపలేదు.

కట్టుకున్నాక వేళ్లన్నీ పూర్తిగా ముడవగలగాలి. పట్టీ అంచు అరచేతి పై గీతను దాటి వేళ్ల మొదళ్ల మీదికి రాకూడదు. పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులుండాలి. పొద్దున తీసేసరికి చర్మం మీద లోతైన గుంటలు పడినా, వేళ్లు చల్లబడినా అతిగా బిగించినట్టే. తిమ్మిరి తగ్గుతుందని ఇంకా బిగించేవాళ్లుంటారు, దానివల్ల ఒత్తిడి పెరుగుతుందే తప్ప తగ్గదు.

మా ఇంట్లో గాజుల దగ్గర పెద్ద చర్చే జరిగింది. సీమంతంలో వేసిన గాజులు కాన్పయ్యేదాకా తియ్యకూడదని పెద్దమ్మ పట్టు పట్టింది. స్ప్లింట్ కింద గాజులుంటే ఒరుసుకుంటాయి, పగిలితే గుచ్చుకుంటాయి. చివరికి రెండు గాజులను పట్టీ పై అంచు దాటించి మోచేతి వైపు జరిపి, మిగతావి దేవుడి దగ్గర పెట్టడానికి ఒప్పుకుంది. ఉంగరాలైతే చేతులు ఉబ్బకముందే, ఆరో నెలలోనే తీసి దాచుకోవడం మేలు. తరవాత సబ్బు నురగ పెట్టినా రావు.

మొదటి రెండు రాత్రులు మా చెల్లెలు నిద్రలోనే పట్టీ విప్పేసుకుంది. ఇలా చాలామందికి జరుగుతుంది. ఒకటి రెండు రాత్రులు చూసి పనికిరాదని పక్కన పెట్టేస్తే ఏమీ తెలియదు, వరసగా రెండు మూడు వారాలు ప్రతి రాత్రీ కట్టుకోవాలి. ఆమెకు రెండో వారానికి రాత్రి మెలకువలు బాగా తగ్గాయి. పగలు మగ్గం పనిని చిన్న చిన్న దఫాలుగా విడగొట్టి, మధ్యలో చేతులు చాపి ఉంచేది. ఫోను పట్టుకునేటప్పుడు, పిండి కలిపేటప్పుడు, బట్టలు పిండేటప్పుడు మణికట్టు ఎక్కువసేపు వంగి ఉంటుంది కాబట్టి ఆ పనులు వేరేవాళ్లకు అప్పగించాం. వేళ్లకు స్పర్శ తగ్గినప్పుడు వేడి తెలియదు. పొయ్యి మీది గిన్నె వట్టి చేత్తో పట్టుకుంటే కాలాకే తెలుస్తుంది. మసిగుడ్డ లేకుండా గిన్నె ముట్టకూడదు.

మందుల విషయంలో జాగ్రత్త. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు గర్భిణులు సొంతంగా వేసుకోకూడదు. ఐదో నెల దాటాక అవి బిడ్డ కిడ్నీలకు, ఆ తరవాతి నెలల్లో గుండె దగ్గరి రక్తనాళానికి హాని చేయగలవు. నీరు తీసే మాత్రలు దీనికి వైద్యం కాదు. మంచినీళ్లు తాగడం మానేసినా వాపు దిగదు. స్ప్లింట్‌తో లొంగకపోతే మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది, అది డాక్టరు చూసి నిర్ణయించేది. గర్భంతో ఉండగా ఆపరేషన్ దాకా వెళ్లేది చాలా అరుదు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. చేతులు, ముఖం ఉన్నట్టుండి ఉబ్బడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, డొక్కల కింద నొప్పి ఉంటే దాన్ని తిమ్మిరి సమస్యగా సరిపెట్టుకోకూడదు. ఐదో నెల తరవాత బీపీ 140/90 లేదా అంతకు మించి ఉంటే ప్రీఎక్లాంప్సియా కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

కాన్పయ్యాక ఒంట్లోని అదనపు నీరు కొద్ది రోజుల్లోనే దిగడం మొదలవుతుంది. చాలామందికి తిమ్మిర్లు కొన్ని వారాల్లోనే, ఎక్కువమందికి రెండు మూడు నెలల్లో తగ్గుతాయి. మా చెల్లెలికి పురుటి స్నానం నాటికి ఎడమ చేయి పూర్తిగా బాగుపడింది, కుడి చేతిలో మాత్రం పాలిచ్చిన తరవాత తిమ్మిరి వస్తూ ఉండేది. బిడ్డ తలను అరచేత్తో ఎత్తి పట్టుకుని, మణికట్టు వంచి అరగంట కూర్చోవడమే కారణం. ఒడిలో దిండు వేసి, బిడ్డ బరువు దిండు మీద, తల మోచేతి మడతలో ఉండేలా మార్చుకున్నాక అదీ తగ్గింది. పాలిచ్చినన్నాళ్లూ కొద్దిగా ఉండి, మాన్పించాకే పూర్తిగా పోయేవాళ్లూ ఉన్నారు. బిడ్డను ఎత్తుతున్నప్పుడు బొటనవేలి మొదట్లో చురుక్కుమనే నొప్పి మాత్రం వేరు, అది నరానిది కాదు, అక్కడి స్నాయువుల వాపు.

అందరికీ తగ్గిపోతుందన్న మాట పూర్తిగా నిజం కాదు. గర్భం మొదటి నెలల్లోనే మొదలైనవాళ్లలో, తీవ్రంగా ఉన్నవాళ్లలో ఏడాది తరవాత కూడా ఎంతో కొంత మిగలవచ్చు. తరవాతి గర్భంలో మళ్లీ రావచ్చు. కాన్పయ్యాక మూడు నెలలకు కూడా తిమ్మిరి వదలకపోతే నరం పనితీరు కొలిచే పరీక్ష చేయించుకోండి. తిమ్మిరి వచ్చి పోకుండా రోజంతా నిలిచిపోయినా, చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్లలో పట్టు చాలకపోయినా, బొటనవేలి కింది కండ చదునుగా కనిపించినా మూడు నెలలు కూడా ఆగవద్దు. బాలింతకు ఇవన్నీ మామూలేనని ఎవరు సర్దిచెప్పినా వినకుండా డాక్టరుకు చూపించండి. ఎక్కువకాలం నలిగిన నరం ఆపరేషన్ చేసినా పూర్తిగా కోలుకోకపోవచ్చు.