సర్జరీ డేట్ ఫిక్స్ అయిందా? హెచ్‌ఆర్‌కు పెట్టే మెయిల్‌లో లీవ్, వర్క్ ఫ్రమ్ హోమ్ కలిపేయొద్దు.. ఎందుకంటే?

"మేడమ్, మార్చిలో నాకు చిన్న ఆపరేషన్ ఉంది. తర్వాత కొన్ని వారాలు వర్క్ ఫ్రమ్ హోమ్ ఇవ్వగలరు." ముందే ప్లాన్ చేసుకున్న సర్జరీ గురించి చాలామంది ఉద్యోగులు హెచ్‌ఆర్‌కు పెట్టే మెయిల్ ఇంతే ఉంటుంది. చదవడానికి మర్యాదగానే ఉంది. కానీ అవతలివాళ్లకు ఇందులో పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. చిన్న ఆపరేషన్ అంటే రెండు రోజుల్లో వచ్చేస్తారని మేనేజర్ అనుకుంటారు. కొన్ని వారాలు అంటే ఎన్నో పోర్టల్‌లో ఎక్కించలేక హెచ్‌ఆర్ ఆ మెయిల్‌ను పక్కన పెడుతుంది.

మరి ఎలా రాయాలి? ఐటీ ఉద్యోగుల్లో తరచూ కనిపించే మోకాలి ఏసీఎల్ సర్జరీని ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

ఆరు వారాలు.. కానీ రెండు ముక్కలు

కొంపల్లిలో ఉంటూ గచ్చిబౌలిలో పని చేసే ఓ టెస్టర్ అనుకుందాం. బ్యాడ్మింటన్ ఆడుతూ కుడి మోకాలు మెలితిరిగి లిగమెంట్ తెగింది. 2026 మార్చి 9, సోమవారం సర్జరీ. తొడ వెనక నుంచి తీసిన టెండన్‌తో డాక్టర్ కొత్త లిగమెంట్ వేస్తారు. ఆరు వారాలు ఆఫీసుకు వెళ్లడం కుదరదని ముందే చెప్పారు.

ఆరు వారాలూ లీవ్ అడిగితే? దాదాపు 30 పనిదినాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింట్లోనూ అమల్లో ఉన్న 1988 నాటి షాప్స్ చట్టం ప్రకారం జబ్బు చేసినప్పుడు తీసుకునే సెలవు ఏడాదికి 12 రోజులు. కంపెనీ అంతకంటే ఎక్కువ ఇస్తే సరే, లేదంటే మిగతాది ఎర్న్‌డ్ లీవ్‌లో నుంచో, జీతంలో నుంచో పోతుంది. పోనీ ఆరు వారాలూ వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగితే? అది ఇంకా ప్రమాదం. సర్జరీ అయిన మూడో రోజు స్టాండప్ కాల్‌కు రమ్మంటారు. అడిగింది మనమే కాబట్టి కాదనలేం.

అసలు తేడా ఇక్కడే ఉంది. మొదటి రెండు వారాలు ఆమె పని చేయలేదు. ఆ తర్వాత నాలుగు వారాలు పని చేయగలదు, ప్రయాణం చేయలేదు. మొదటిది లీవ్. రెండోది వర్క్ ఫ్రమ్ హోమ్. ఈ రెండింటికీ కారణం వేరు, డాక్టర్ రాసే మాట వేరు, ఆమోదించే మనిషి కూడా చాలా కంపెనీల్లో వేరు.

మొదటి రెండు వారాల్లో ఏం జరుగుతుంది?

కాలు గుండె కంటే ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి. కాసేపు కాలు కిందికి వేలాడేస్తే చాలు, మోకాలు వాచిపోతుంది. ట్రమడాల్ లాంటి పెయిన్ కిల్లర్ ఇస్తే మగతగా ఉంటుంది. ఆ మత్తులో ప్రొడక్షన్ బగ్‌కు ఓకే చెబితే ఏమవుతుందో టెస్టర్లకు చెప్పక్కర్లేదు. కుట్లు తీసేది 12 నుంచి 14 రోజులకు. కాబట్టి మార్చి 9 నుంచి 20 వరకు పూర్తి లీవ్. పది పనిదినాల్లో మార్చి 19 ఉగాది సెలవు పోతే తొమ్మిది రోజుల సిక్ లీవ్ సరిపోతుంది. ఏడాదికి ఇంకా మూడు మిగులుతాయి.

తర్వాత నాలుగు వారాలు ఎందుకు ఇంట్లో?

మూడో వారానికి నొప్పి బాగా తగ్గుతుంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చోవచ్చు. కానీ ఆపరేషన్ అయింది కుడి కాలికి. అర్జెంటుగా బ్రేక్ తొక్కే బలం, వేగం తిరిగి రావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. కొంపల్లి నుంచి ఓఆర్‌ఆర్ ఎక్కి గచ్చిబౌలికి కారు నడపడం అప్పటిదాకా కుదరదు. ఆఫీస్ క్యాబ్ ఉంది కదా అంటారు. టెంపో ట్రావెలర్ మెట్టు ఎంత ఎత్తుంటుందో, క్రచెస్‌తో ఎక్కి చూస్తే తెలుస్తుంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. నొప్పి తగ్గినంత మాత్రాన లోపల వేసిన లిగమెంట్ గట్టిపడినట్టు కాదు. పెట్టిన టెండన్‌కు కొత్తగా రక్తనాళాలు అల్లుకునే దశలో, అంటే సుమారు ఆరో వారం నుంచి పన్నెండో వారం మధ్య, అది మొదటి రోజు కంటే బలహీనంగా ఉంటుంది. అంటే మనిషి మామూలుగా నడుస్తున్నట్టు కనిపించే టైమ్‌లోనే జారిపడితే ఎక్కువ నష్టం. వీడియో కాల్‌లో చలాకీగా కనిపించే ఉద్యోగిని "ఇప్పుడు బాగానే ఉన్నావుగా, సోమవారం వచ్చెయ్" అని మేనేజర్ అనేది కూడా సరిగ్గా అప్పుడే. మెయిల్‌లో తేదీ, దాని వెనక డాక్టర్ కాగితం ఉంటే ఆ మాటకు సమాధానం వెతుక్కోనక్కర్లేదు.

అలాగని వర్క్ ఫ్రమ్ హోమ్‌లో తొమ్మిది గంటలు కుర్చీకి అతుక్కుపోకూడదు. కాలు స్టూల్ మీద చాపుకుని, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయాలి. పిక్క నొప్పిగా, గట్టిగా, వాచినట్టు అనిపిస్తే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. అప్పుడు మీటింగ్ వదిలేసి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

మెయిల్ ఇలా ఉంటే చాలు

ముందు మేనేజర్‌తో ఫోన్‌లోనో, ఎదురుగానో మాట్లాడాలి. కొన్ని ప్రాజెక్టుల్లో క్లయింట్ డేటా ఆఫీస్ గదిలోనే తెరవాలనే రూల్ ఉంటుంది. అలాంటి చోట ఇంటి నుంచి చేయగలిగే వేరే పని ఏముందో హెచ్‌ఆర్‌కు తెలియదు, మేనేజర్‌కే తెలుస్తుంది. ఆ తర్వాత మూడు, నాలుగు వారాల ముందే మెయిల్. ఆమె పంపాల్సింది తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది.

"సబ్జెక్ట్: మార్చి 9న సర్జరీ – మార్చి 20 వరకు సిక్ లీవ్, ఏప్రిల్ 17 వరకు వర్క్ ఫ్రమ్ హోమ్ అభ్యర్థన.

నమస్తే మేడమ్,

నా కుడి మోకాలికి మార్చి 9న లిగమెంట్ సర్జరీ ఉంది. మార్చి 9 నుంచి 20 వరకు సిక్ లీవ్ కోరుతున్నాను. ఈ రోజుల్లో కాల్స్‌కు, మెయిల్స్‌కు అందుబాటులో ఉండలేను. మార్చి 21న కుట్లు తీస్తారు.

మార్చి 23 నుంచి ఏప్రిల్ 17 వరకు పూర్తి పనివేళలు ఇంటి నుంచి పని చేయడానికి అనుమతి ఇవ్వగలరు. డెస్క్ పని చేయొచ్చని, డ్రైవింగ్, ప్రయాణం వద్దని డాక్టర్ చెప్పారు. సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం 4 నుంచి 5 వరకు ఫిజియోథెరపీ ఉంటుంది, ఆ గంట పని తర్వాత పూర్తి చేస్తాను. ఏప్రిల్ 18న రివ్యూ ఉంది. డాక్టర్ ఓకే అంటే ఏప్రిల్ 20న ఆఫీసుకు వస్తాను.

సర్జరీలో ఏం బయటపడుతుందన్న దాన్ని బట్టి తేదీలు మారే అవకాశం ఉంది. మారితే మార్చి 11లోగా మా ఇంటివాళ్లు మీకు తెలియజేస్తారు. నా పనులు ఎవరికి అప్పగించాలో మేనేజర్‌తో మాట్లాడాను. డాక్టర్ సర్టిఫికెట్ పోర్టల్‌లో అప్‌లోడ్ చేశాను. గ్రూప్ ఇన్సూరెన్స్ ఈ-కార్డ్, ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్లడానికి గేట్ పాస్ కావాలి."

తేదీలు మారొచ్చన్న వాక్యం ఊరికే రాసింది కాదు. లిగమెంట్‌తో పాటు మోకాలి లోపల మెత్తగా ఉండే మెనిస్కస్ కూడా చిరిగితే, దాన్ని కుట్టాలా వద్దా అన్నది చాలాసార్లు కెమెరా లోపలికి వెళ్లాకే తేలుతుంది. కుడితే ఆ కాలి మీద బరువు వేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆంక్షలు పెడతారు. అప్పుడు ఏప్రిల్ 20న ఆఫీస్ అన్నది కష్టమే. ముందే చెప్పి ఉంటే అది సమాచారం. తర్వాత చెబితే పొడిగింపు అడుగుతున్నట్టు ఉంటుంది.

డాక్టర్ కాగితంలో ఏముండాలి?

ఎక్కువమందికి పని ఇక్కడే ఆగుతుంది. "రెండు వారాలు విశ్రాంతి అవసరం" అని మాత్రమే సర్టిఫికెట్‌లో ఉంటుంది. దాంతో లీవ్ వస్తుంది గానీ, వర్క్ ఫ్రమ్ హోమ్‌కు హెచ్‌ఆర్ దగ్గర ఆధారం ఉండదు. పైగా విశ్రాంతి అవసరమైన మనిషి పని ఎలా చేస్తారన్న ప్రశ్న కూడా వస్తుంది. అందుకే ఓపీలోనే డాక్టర్‌ను ఇంకో వాక్యం అడిగి రాయించుకోవాలి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఇంటి నుంచి కూర్చుని చేసే పనికి ఫిట్, డ్రైవింగ్, ప్రయాణం వద్దు అని. మన దగ్గర వర్క్ ఫ్రమ్ హోమ్ మామూలుగా చట్టం ఇచ్చే హక్కు కాదు, కంపెనీ ఇష్టం. ఆ ఒక్క వాక్యమే ఉద్యోగి చేతిలో ఉన్న బలం.

ఎమ్మారై రిపోర్ట్, స్కాన్‌లు మెయిల్‌కు తగిలించక్కర్లేదు. మోకాలి సంగతి అందరికీ చెప్పుకోవచ్చు గానీ, గర్భసంచి ఆపరేషనో, పైల్స్ ఆపరేషనో అయితే పేరు రాయడానికి ఇబ్బందే. అప్పుడు "డాక్టర్ సలహా మేరకు సర్జరీ" అని రాసి, సర్టిఫికెట్ హెచ్‌ఆర్‌కు మాత్రమే ఇస్తే సరిపోతుంది. టీమ్‌కు తెలియాల్సింది తేదీలే. టీమ్ మొత్తాన్ని సీసీలో పెట్టి ఆ కాగితం పంపితే మాత్రం వెనక్కి తీసుకోలేరు.

ఇన్సూరెన్స్ విషయం కూడా ఈ మెయిల్‌తోనే కదలాలి. ముందే తెలిసిన సర్జరీకి క్యాష్‌లెస్ కావాలంటే చాలా పాలసీల్లో అడ్మిషన్‌కు 48 నుంచి 72 గంటల ముందే సమాచారం ఇవ్వాలి. శుక్రవారం సాయంత్రం ఈ-కార్డ్ వెతుక్కుంటే సోమవారం ఆపరేషన్‌కు జేబులో నుంచి కట్టుకోవాల్సి రావొచ్చు.

ఈఎస్‌ఐలో ఉంటే లెక్క వేరు

ఈఎస్‌ఐ పరిధిలో ఉన్న ఉద్యోగులకు జబ్బు చేసిన రోజులకు సగటు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. అర్హతకు కాంట్రిబ్యూషన్ షరతులు ఉంటాయి. కానీ పని చేసిన రోజులకు, జీతంతో లీవ్ తీసుకున్న రోజులకు ఆ డబ్బు రాదు. ఇంటి నుంచి చేసినా పని పనే. లీవ్ ఎక్కడ ఆగిందో, పని ఎక్కడ మొదలైందో మెయిల్‌లో తేదీలతో లేకపోతే క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది.

ఏప్రిల్ 18 రివ్యూ తర్వాత ఆమె ఇంకో చిన్న మెయిల్ పెట్టాలి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్, 20న వస్తున్నానన్న మాట, లిఫ్ట్‌కు దగ్గర్లో సీటు, బేస్‌మెంట్ బదులు గ్రౌండ్ ఫ్లోర్‌లో పార్కింగ్ కావాలన్న రిక్వెస్ట్. ఆఫీస్ టోర్నమెంట్‌లో బ్యాడ్మింటన్ టీమ్‌లో పేరు ఉంటే అది కూడా అప్పుడే తీయించుకోవాలి. ఈ సర్జరీ తర్వాత మళ్లీ ఆటకు దిగాలంటే తొమ్మిది నెలలైనా ఆగమని డాక్టర్లు చెబుతున్నారు.