‘ఒంటిచేత్తో పగడాలను కాపాడాను’: స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో గొప్పలు, అపోహలు – వాస్తవాలు

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు జాలరి కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇంటి అమ్మాయి ఒకరు అక్కడి పాండిచ్చేరి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సముద్ర జీవశాస్త్రం చదివి, యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేస్తోందనుకుందాం. ఈ అమ్మాయి ఊహే గానీ, ఆమె రాసినటువంటి వాక్యాలు మాత్రం దరఖాస్తుల్లో తరచూ కనబడతాయి.

‘అండమాన్ పగడపు దిబ్బలపై విప్లవాత్మక పరిశోధనకు నాయకత్వం వహించిన మొట్టమొదటి విద్యార్థిని నేను. వందలాది మత్స్యకారుల జీవితాలను మార్చాను.’

అపోహ: గొప్పలు తీసేస్తే సాధించినవి కూడా పోతాయి.

వాస్తవం: ‘విప్లవాత్మక’ అన్న మాట తీసేసి చూడండి, ఆమె చేసిన పనిలో వీసమెత్తు తగ్గదు. అసలు ఆ పని ఏమిటో ఈ వాక్యంలో ఎక్కడా లేదు. చెప్పమని అడిగితే వివరాలు వాటంతట అవే వస్తాయి. నీటి అడుగున 20 మీటర్ల టేపు పరిచి, ప్రతి అర మీటరుకూ దాని కింద బతికున్న పగడం ఉందా, చచ్చినదా, ఇసుకా, రాయా అని రాసుకోవడం ఈ సర్వేల్లో వాడుకలో ఉన్న పద్ధతి. ఒక్కో టేపుకు 40 బిందువులు. ఈమె పాల్గొన్న సర్వేలో మూడు చోట్ల కలిపి పన్నెండు టేపులు పరిచారు కాబట్టి మొత్తం 480. ఐదుగురి బృందాన్ని నడిపింది ప్రొఫెసర్. బిందువులన్నీ నమోదు చేసి, ఫోటోల్లో పగడాల జాతులను గుర్తించింది ఈమె.

తిరగరాస్తే ఇలా ఉంటుంది: ‘మా ప్రొఫెసర్ నడిపిన ఐదుగురి సర్వేలో మూడు దిబ్బల మీద 480 బిందువులను నేను నమోదు చేశాను, ఫోటోల నుంచి పగడాలను గుర్తించాను.’ ఇందులో గొప్పలు చెప్పే విశేషణం ఒక్కటీ లేదు. చదివేవాళ్లకు మాత్రం, ఈ అమ్మాయికి రేపు ఒక టేపు ఇస్తే ఏం చేయగలదో అర్థమవుతుంది.

‘మొట్టమొదటి’ సంగతి వేరు. భారత జంతుశాస్త్ర సర్వే ప్రాంతీయ కేంద్రం 1977 నుంచి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. 2010 వేసవిలో అండమాన్ పగడాలు తెల్లబడినప్పుడు పరిశోధకులు సర్వేలు చేసి ఫలితాలు ప్రచురించారు. దరఖాస్తు చదివే ఆచార్యుడు అవి చదివినవాడైతే, ఆ ఒక్క మాటతో మిగిలినవన్నీ అనుమానంగానే చూస్తాడు.

అపోహ: అతిశయం వద్దంటే వినయంగా తగ్గి రాయాలి.

వాస్తవం: మనవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఇదే. గొప్పలు వద్దనగానే ‘నాకు తోచినంత సాయం చేసే భాగ్యం కలిగింది’ అని రాసేస్తారు. అప్పుడు పని చేసిందెవరో తెలియకుండా పోతుంది. చేసినదానికి ‘చేశాను’ అనే రాయాలి. ఆత్మవిశ్వాసమంతా క్రియలో ఉంటే చాలు.

అపోహ: ‘వందలాది’ అంటే బరువు, ‘అరవై’ అంటే చిన్నతనం.

వాస్తవం: జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర ఆమె మాట్లాడింది దాదాపు 60 మంది జాలర్లతో. మాట్లాడింది తెలుగులో. వంజరం, చందువ అంటూ వాళ్లు చెప్పే పేర్లను శాస్త్రీయ నామాలతో సరిపోల్చి పట్టిక తయారు చేసింది. ఆ రేవులో ఆ భాషలో ఆ పని చేయగలిగిన విద్యార్థులు ఎందరుంటారు? దరఖాస్తులో అన్నిటికంటే అరుదైన విషయం ఇదే. ‘జీవితాలను మార్చాను’ అన్న మాట కింద అది కప్పబడిపోయింది. ఎవరి జీవితం మారిందో చూపించలేని మాటకు బదులు పట్టిక గురించి రెండు వాక్యాలు రాస్తే సరి.

అపోహ: చేయలేకపోయినవి దాచాలి.

వాస్తవం: నైరుతి రుతుపవనాలతో సముద్రం అల్లకల్లోలమై, రెండు దిబ్బల దగ్గరకు మళ్లీ వెళ్లలేకపోయారు. కాబట్టి పగడం పెరిగిందో తరిగిందో ఆ సర్వే చెప్పలేదు. దీన్ని దాచితే ‘ఈ కోర్సు ఎందుకు’ అన్న ప్రశ్నకు ‘ప్రపంచస్థాయి విద్య కోసం’ అన్న అరిగిపోయిన జవాబే మిగులుతుంది. రాస్తే అదే కారణమవుతుంది: ‘ఒక్కసారి తీసిన కొలతతో మార్పు తెలియదు. ఏళ్ల తరబడి కొలతలను పోల్చే గణాంక పద్ధతులు నాకు రావు, అవి నేర్చుకోవడానికి ఈ కోర్సు కావాలి.’ సాకులా వినిపించకుండా రెండు వాక్యాల్లో ముగించాలి, అంతే.

అపోహ: ఇదంతా ఎవరు సరిచూస్తారు?

వాస్తవం: రేవుకు వచ్చి ఎవరూ అడగరు. కానీ ప్రొఫెసర్ పంపే సిఫారసు లేఖ ఇదే దరఖాస్తుతో పాటు చేరుతుంది. ఆయన ‘సర్వేలో నమ్మకంగా పనిచేసింది’ అని రాసి, ఆమె ‘నాయకత్వం వహించాను’ అని రాస్తే, రెండూ ఒకే బల్ల మీద పక్కపక్కన పడతాయి. అందుకే తిరగరాసిన ప్రతిని లేఖ రాయకముందే ఆయనకు ఇవ్వాలి. ఆయనకు 480 అన్న అంకె గుర్తుండకపోవచ్చు. చూస్తే తన లేఖలోనూ అదే రాయగలుగుతారు.