చదవకుండానే ‘సరే’ అన్నారు!

బైబిల్ కొత్త నిబంధనలో నాలుగు సువార్తలున్నాయి. మత్తయి, మార్కు, లూకా, యోహాను. యేసు ముఖ్యశిష్యుడైన పేతురు పేరుతోనూ ఒకటుండేది. మరి అదేమైంది?

క్రీ.శ. 200 ప్రాంతం. ఇప్పటి టర్కీ తీరంలోని రోసస్ అనే చిన్న ఊరి క్రైస్తవ సంఘంలో పేచీ వచ్చింది. ‘పేతురు సువార్త’ను చదవాలని కొందరు, కూడదని కొందరు. అంతియొకయ బిషప్ సెరాపియోన్ ఆ ఊరు వచ్చినప్పుడు తగవు ఆయన ముందుకెళ్లింది. మీ మధ్య గొడవ ఇదొక్కటే అయితే చదువుకోండన్నారాయన. పుస్తకం మాత్రం తెరిచి చూడలేదు!

తర్వాత అసలు సంగతి తెలిసింది. క్రీస్తు నిజంగా మనిషి కాలేదనీ, మనిషిలా కనిపించాడంతేననీ చెప్పే బృందం ఒకటుంది. రోసస్‌లో కొందరు అటువైపు మొగ్గుతున్నారు. దాంతో సెరాపియోన్ ఆ బృందం దగ్గరే ప్రతి సంపాదించి, మొదటి నుంచీ చదివారు. చాలావరకూ బాగానే ఉంది. కానీ కొన్ని చేర్పులు కనిపించాయి. వాటిని విడిగా రాసి సంఘానికి పంపారు. పేతురు మాటను క్రీస్తు మాటలా గౌరవిస్తాం, కానీ ఆయన పేరు తగిలించుకున్న రాతల్ని ఒప్పుకోం, అవి పెద్దల నుంచి మనకు అందినవి కావు... ఇదీ ఆయన వాదన.

మూడు ప్రశ్నలు

పుస్తకాల ఎంపికలో సంఘాలు చూసినవి ముఖ్యంగా మూడు. అపొస్తలులతో సంబంధం ఉందా? అందులోని బోధ తాము నమ్మేదానితో కలుస్తోందా? మిగతా ఊళ్ల సంఘాలూ మొదట్నుంచీ చదువుతున్నాయా? పేతురు సువార్త మూడింటా తప్పింది. మార్కు, లూకా అపొస్తలులు కాకపోయినా పేతురు, పౌలుల సహచరులన్న నమ్మకం వారి సువార్తలను నిలబెట్టింది.

325లో నైసియా మహాసభే పుస్తకాలను తేల్చేసిందని చాలామంది అనుకుంటారు. కానీ ఆ సభ తీర్మానాల్లో ఈ ఊసే లేదు. ఇప్పుడున్న 27 పుస్తకాలే, ఒక్కటీ ఎక్కువా తక్కువా కాకుండా, మనకు దొరికిన జాబితాల్లో మొదట కనిపించేది 367లో. అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ ఈస్టర్ సందర్భంగా పంపిన లేఖ అది. అప్పుడైనా అందరూ ఒప్పుకోలేదు. సిరియా సంఘాల ప్రాచీన అనువాదంలో 22 పుస్తకాలే. ప్రకటన గ్రంథం అందులో లేదు.

సమాధిలో దొరికింది

పక్కన పెట్టిన పుస్తకానికి కొత్త ప్రతులు రాసేవారు తగ్గిపోతారు. పేతురు సువార్తా అలాగే కనుమరుగైంది. 1886-87లో ఈజిప్టులోని అఖ్మీమ్ దగ్గర ఓ సమాధిలో తోలు కాగితాల చిన్న పుస్తకం బయటపడింది. అందులోని ఒక భాగంలో కథ చెప్పేవాడు తాను సీమోను పేతురునంటాడు. అది సెరాపియోన్ చదివిన పుస్తకంలోని భాగమేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. సిలువ మీద యేసు బాధే లేనివాడిలా మౌనంగా ఉన్నాడని అందులో ఉంది. ఓర్చుకున్నాడని ఒకరు చదవొచ్చు, బాధే తెలియలేదని మరొకరు చదవొచ్చు.

రోసస్‌లో పేచీ పెట్టింది ఇలాంటి వాక్యాలే కావచ్చు.